యోబు గ్రంథాన్ని చదవడం ఎలా: బాధకు చెప్పే తేలిక జవాబులను నిలదీసిన హీబ్రూ కావ్యంపై కళాశాల విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

“నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు.” తెలుగు క్రైస్తవ ఇళ్లలో క్యాలెండరు మీదో, గుమ్మం పైనున్న పటంలోనో ఈ మాట తరచు కనిపిస్తుంది. కొత్త సంవత్సరానికి వాగ్దానంగా, కొత్త దుకాణానికి ఆశీర్వచనంగా దీన్ని రాసుకుంటారు. ఇది బైబిలులోని యోబు గ్రంథం ఎనిమిదో అధ్యాయంలోని ఏడో వచనం. పలికినవాడు దేవుడు కాదు, ప్రవక్తా కాదు. యోబు స్నేహితుడు బిల్దదు. అంతకు మూడు వచనాల ముందే అతడు, పదిమంది బిడ్డలను ఒక్కరోజులో పోగొట్టుకున్న ఆ తండ్రి ముఖం మీదే, నీ పిల్లలు పాపం చేశారు కాబట్టే దేవుడు వారిని ఆ పాపానికి అప్పగించాడని అన్నాడు. గ్రంథం చివర దేవుడు ఈ స్నేహితుల మీద కోపగిస్తాడు. మీరు నన్ను గురించి సరైన మాట పలకలేదని వారితో అంటాడు.

కాబట్టి ఈ గ్రంథంలో ఏ వాక్యాన్నయినా విడిగా తీసి చదివితే దారి తప్పుతాం. ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, ఆ సమయానికి అతనికి ఏమి తెలుసు అనే మూడు ప్రశ్నలు అడగకుండా యోబు గ్రంథం మీద వ్యాసం రాయకూడదు. కింది మెట్లన్నీ ఆ మూడు ప్రశ్నలను పాఠ్యం మీద ఎలా ప్రయోగించాలో చూపేవే. ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప, ఇందులో ఉదహరించే వచనాల భావం నా మాటల్లో ఇచ్చాను. మీరు మాత్రం మీ దగ్గరున్న అనువాదం తెరిచి పెట్టుకుని చదవండి.

మొదటి మెట్టు: ముందు చివర్లు, తర్వాత మధ్య

హీబ్రూ లేఖనాల్లో ధర్మశాస్త్రం, ప్రవక్తలు, లేఖనములు అని మూడు భాగాలున్నాయి. యోబు గ్రంథం మూడో భాగంలోది. సామెతలు, ప్రసంగి గ్రంథాలతో కలిపి దీన్ని జ్ఞాన సాహిత్యం అంటారు. రచన క్రీస్తుపూర్వం 6 నుంచి 4 శతాబ్దాల మధ్య జరిగిందని చాలామంది పండితుల అంచనా. రచయిత ఎవరో గ్రంథం చెప్పదు.

మొత్తం 42 అధ్యాయాలు. మొదటి రెండు అధ్యాయాలు, చివర 42:7 నుంచి 17 వరకు గద్యంలో సాగే కథ. మధ్యలోనిది దాదాపు అంతా పద్యం. ఒకే కూర్చుడులో ముందు ఆ రెండు కథాభాగాలు చదవండి. అరగంట కూడా పట్టదు. ఊజు దేశపు యోబు యథార్థవర్తనుడు, సంపన్నుడు. అపవాది దేవుని సభలో అతని భక్తిని శంకిస్తాడు, పరీక్షించడానికి దేవుడు అనుమతిస్తాడు. పశువులు, పనివారు, పిల్లలు, చివరికి ఆరోగ్యం కూడా పోతాయి. ముగ్గురు స్నేహితులు వస్తారు. చివర యోబుకు ఆస్తి అంతా రెట్టింపుగా తిరిగి వస్తుంది. ఇంత మాత్రమే చదివినవారికి ఇది ఓర్పుకు బహుమతి దొరికిన నీతికథలా కనిపిస్తుంది.

ఇప్పుడు మూడో అధ్యాయం తెరవండి. రెండు అధ్యాయాల పాటు ఓర్పుతో ఉన్న మనిషి నోరు తెరిచి, తాను పుట్టిన రోజును శపిస్తాడు. “ఆ దినము చీకటియగును గాక” అనే ధోరణిలో సాగే ఆ మాటలను ఆదికాండం మొదటి అధ్యాయంలోని “వెలుగు కలుగును గాక” పక్కన పెట్టి చూడండి. తన పుట్టుక వరకు సృష్టిని వెనక్కి తిప్పమని అడుగుతున్నాడు. ఓర్పు కథకూ ఈ పద్యానికీ మధ్య ఉన్న ఈ కుదుపు మీకు తగలాలి. తగలకపోతే మూడో అధ్యాయాన్ని పైకి చదవండి.

మిగిలిన పద్యభాగాన్ని నాలుగు రోజులకు పంచుకోవచ్చు. 3 నుంచి 14 వరకు ఒకరోజు, 15 నుంచి 21 వరకు ఒకరోజు, 22 నుంచి 31 వరకు ఒకరోజు, 38:1 నుంచి 42:6 వరకు ఇంకోరోజు. నడుమ 32 నుంచి 37 వరకు ఎలీహు అనే యువకుని ప్రసంగాలుంటాయి. అతని పేరు ముందూ రాదు, వెనుకా రాదు. తర్వాతి కాలంలో చేర్చినవని చాలామంది పండితులు భావిస్తారు. మొదటిసారి వేగంగా చదివి ముందుకు సాగండి.

స్నేహితుల సంభాషణ మూడు వరుసలుగా నడుస్తుంది. ఎలీఫజు, బిల్దదు, జోఫరు ఒక్కొక్కరే మాట్లాడతారు, ప్రతిసారీ యోబు బదులిస్తాడు. మూడో వరుసలో ఈ పద్ధతి చెదిరిపోతుంది. బిల్దదు ప్రసంగం (25వ అధ్యాయం) ఆరు వచనాల్లో ముగుస్తుంది. జోఫరు అసలు మాట్లాడడు. మరోవైపు 27:13 నుంచి 23 వరకు యోబు నోట వచ్చే మాటలు జోఫరు మాటల్లాగే ఉంటాయి. ప్రతులు రాసుకుంటూ వచ్చిన క్రమంలో ఏదో తారుమారైందని కొందరంటారు. వాదించడానికి ఇంకేమీ మిగలలేదన్న సూచనగా కవి కావాలనే అలా రాశాడని ఇంకొందరంటారు. మీ వ్యాసంలో 27వ అధ్యాయం చివరి భాగాన్ని యోబు అభిప్రాయంగా వాడుకుంటే, ఈ సందిగ్ధాన్ని ఒక వాక్యంలో తప్పక చెప్పండి.

రెండో మెట్టు: ఈ గ్రంథం ఏ నియమంతో వాదిస్తోందో తెలుసుకోవడం

ఎదుటి పక్షం వినకుండా వాదన అర్థం కాదు. ఆ పక్షం సామెతల గ్రంథంలో ఉంది. 10వ అధ్యాయం నుంచి 13వ అధ్యాయం వరకు చదవండి. నీతిమంతుణ్ణి యెహోవా ఆకలిగొననివ్వడు (10:3). ఇంకొంచెం ముందుకు వెళితే, గొయ్యి తవ్వినవాడు తానే అందులో పడతాడు (26:27). తెలుగువారికి ఈ తర్కం కొత్త కాదు. చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా అని మనమూ అంటాం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ఆ తర్కం ఏ దిశలో నడుస్తుందో గమనించండి. సామెత ముందుకు చూస్తుంది. చెడు చేస్తే చెడు జరుగుతుందని యువకుణ్ణి హెచ్చరిస్తుంది. యోబు స్నేహితులు అదే సామెతను వెనక్కి నడిపిస్తారు. చెడు జరిగింది కాబట్టి చెడు చేసి ఉంటావంటారు. ఈ రెండూ ఒకటి కావు. వాన కురిస్తే వీధి తడుస్తుంది. వీధి తడిసింది కాబట్టి వాన కురిసిందనలేం, ఎవరో బిందె ఒలకబోసి ఉండవచ్చు. ఎలీఫజు తన మొదటి ప్రసంగంలోనే ఈ తిరగవేత చేస్తాడు. నిరపరాధి ఎన్నడైనా నశించాడా, కీడును విత్తినవారే ఆ పంట కోయడం నేను చూశాను అంటాడు (4:7–8). ఎంతో మృదువుగా మొదలయ్యే ఆ ప్రసంగంలో నేరారోపణ అప్పటికే దాగి ఉంది.

అయితే సామెతల గ్రంథాన్ని అమాయకమైనదిగా చిత్రించకండి. విద్యార్థుల వ్యాసాల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. యథార్థంగా నడిచే బీదవాణ్ణి ఆ గ్రంథం ఎరుగును (19:1). మూర్ఖునికి బదులివ్వవద్దని ఒక వచనంలో, ఇవ్వమని ఆ వెంటనే చెబుతుంది (26:4–5). సందర్భాన్ని బట్టి మాట మారుతుందని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన చోటు లేదు. కొన్ని వచనాల తర్వాత, మూర్ఖుని నోట సామెత తాగినవాని చేతిలోని ముల్లులాంటిదని హెచ్చరిస్తుంది (26:9). స్నేహితులు తప్పుగా వాడే పుస్తకమే, తనను తప్పుగా వాడితే ఏమవుతుందో ముందుగా చెప్పింది.

*విశ్లేషణకు:* సామెతలు 3:11–12ను, ఎలీఫజు పలికిన యోబు 5:17ను పక్కపక్కన రాయండి. దేవుని క్రమశిక్షణను తృణీకరించవద్దన్నది రెండింటి సారం. సామెతల్లో తండ్రి కుమారునితో అంటున్నాడు. యోబు గ్రంథంలో ఒళ్లంతా పుండ్లతో బూడిదలో కూర్చున్నవానితో ఒక అతిథి అంటున్నాడు. మాట మారకుండా అర్థం ఎలా మారిందో ఒక పేజీలో వివరించండి. “సందర్భం మారింది” అని ఊరుకోకండి. వినేవాని స్థితి, చెప్పేవాని అధికారం, చెప్పిన ఫలితం విడివిడిగా చూపండి.

మూడో మెట్టు: ఎవరికి ఏమి తెలుసు

మొదటి రెండు అధ్యాయాల్లో జరిగిన పరలోక సభ పాఠకునికి తెలుసు. యోబుకు తెలియదు, స్నేహితులకు తెలియదు, చివరి వరకు ఎవరూ వారికి చెప్పరు. ఈ ఒక్క ఏర్పాటుతో కవి పాఠకుణ్ణి ఇబ్బందికరమైన స్థానంలో కూర్చోబెట్టాడు. స్నేహితులు ఎంత చక్కగా మాట్లాడినా అది తప్పని మనకు ముందే తెలుసు. కథకుడు 1:1లో, దేవుడు 1:8లో యోబు నిర్దోషి అని చెప్పేశారు.

ఈ సభలో కనిపించే అపవాది గురించి ఒక జాగ్రత్త. హీబ్రూలో ఇది “హస్సాతాన్”. ముందున్న “హ” నిర్దేశకం కాబట్టి ఇది వ్యక్తి పేరు కాదు, పాత్ర పేరు. ఆరోపించేవాడు, అభియోగం మోపేవాడు అని అర్థం. మన పాత తెలుగు అనువాదం “అపవాదియగు వాడు” అని అనువదించి ఆ అర్థాన్ని బాగా నిలిపింది. తర్వాతి కాలపు సైతాను ఊహను ఇక్కడికి తెచ్చి, బాధకు కారణం సైతానే అని తేల్చేస్తే గ్రంథం మూతపడుతుంది. 2:3లో దేవుడు ఆ నెపాన్ని అపవాది మీదికి పూర్తిగా నెట్టడు. నీవు నన్ను ప్రేరేపించావు అంటూ, చేసిన పనిని తన చేతిలోనే ఉంచుకుంటాడు. చివరి అధ్యాయంలో అపవాది కనిపించనే కనిపించడు.

అతడు వేసిన ప్రశ్న మాత్రం గ్రంథమంతా వెంటాడుతుంది. “యోబు ఊరకయే దేవునియందు భయభక్తులు కలవాడాయెనా?” (1:9). ఈ “ఊరకయే” అన్నచోట హీబ్రూ మాట “హిన్నామ్”. ప్రతిఫలం లేకుండా, కారణం లేకుండా అని రెండు వైపులా పలికే మాట అది. 2:3లో దేవుడు అదే మాటను తిప్పి వాడతాడు. అతణ్ణి “నిష్కారణముగా” పాడుచేయడానికి నన్ను ప్రేరేపించావు అంటాడు. తెలుగులో రెండు వేర్వేరు మాటలుగా కనిపించేవి మూలంలో ఒకటే. సభ సంగతి తెలియని యోబు 9:17లో, దేవుడు నా గాయాలను హిన్నామ్‌గా పెంచుతున్నాడని అదే మాట అంటాడు. సభలో దేవుడు ఒప్పుకున్నదే బూడిదలో కూర్చున్నవాడు తెలియకుండా పలుకుతున్నాడు. ఇక 22:6లో ఎలీఫజు, నీవు నీ సోదరుల దగ్గర హిన్నామ్‌గా తాకట్టు పుచ్చుకున్నావని నిందిస్తాడు.

ఆ ఇరవై రెండో అధ్యాయంలోనే స్నేహితుల తర్కం ఎక్కడికి చేరిందో చూడవచ్చు. విధవరాండ్రను వట్టిచేతులతో పంపావు, తండ్రిలేని పిల్లల చేతులు విరిచావు, దప్పిగొన్నవారికి నీళ్లివ్వలేదు అని ఎలీఫజు ఏకరువు పెడతాడు. ఒక్కదానికీ సాక్ష్యం లేదు. పైగా నాలుగో అధ్యాయంలో (4:3–4), నీవు ఎందరికో బోధించావు, బలహీనమైన చేతులను బలపరిచావు అని పొగిడినవాడు ఇతడే. మధ్యలో యోబు ఏమీ చేయలేదు, బాధపడటం తప్ప. నియమాన్ని కాపాడుకోవాలంటే వాస్తవాన్ని మార్చక తప్పలేదు. ఒక మంచివాడు నేరాలు కల్పించే స్థితికి ఎలా చేరాడన్నది, నా దృష్టిలో ఈ గ్రంథంలోని అతి భయంకరమైన పరిణామం.

*విశ్లేషణకు:* 4:3–4, 22:6–9, 31:16–22 ఒకదాని పక్కన ఒకటి పెట్టండి. మూడోది యోబు ప్రమాణం. ఏ ఆరోపణకు ఏ మాటతో జవాబిస్తున్నాడో గుర్తించండి. తర్వాత, ఎలీఫజు అబద్ధం చెబుతున్నాడని తనకు తెలుసా అనే ప్రశ్నకు వాదనతో జవాబివ్వండి. అవును, కాదు రెండింటికీ పాఠ్యంలో ఆధారముంది. మీరు ఎంచుకోని వైపుకు ఉన్న బలమైన ఆధారాన్ని కూడా రాయాలి.

నాలుగో మెట్టు: ఒక ఉపమానాన్ని చివరిదాకా వెంబడించడం

ఇక్కడ ఒక ఉదాహరణను పూర్తిగా చేసి చూపిస్తాను. తీసుకున్నది దీపం.

సామెతలు 13:9లో, నీతిమంతుల వెలుగు ప్రకాశిస్తుంది, దుష్టుల దీపం ఆరిపోతుంది అని ఉంది. రెండో సగం హీబ్రూలో మూడే మాటలు: “నేర్ రెషాయీమ్ యిద్ఆఖ్”. దుష్టుల దీపం ఆరును. 24:20లో ఈ మూడు మాటలే మళ్లీ వస్తాయి. కాబట్టి ఇది జనంలో పాతుకుపోయిన సూక్తి అనుకోవచ్చు. దీపం అంటే ఇల్లు, సంతానం, బతుకు. ఇంటి దీపం అనే మాట వాడే మనకు వేరే వివరణ అక్కరలేదు.

యోబు 18:5–6లో బిల్దదు దీన్ని అందుకుంటాడు. దుష్టుని వెలుగు ఆరిపోతుంది, అతని గుడారంలో వెలుగు చీకటవుతుంది, అతని పైనున్న దీపం ఆరిపోతుంది. అక్కడితో ఆగడు. అతని చర్మాన్ని వ్యాధి తినేస్తుంది (18:13), అతని నివాసం మీద గంధకం చల్లబడుతుంది (18:15), అతనికి కొడుకూ మనవడూ మిగలరు (18:19). యోబు పేరు ఎక్కడా ఎత్తడు. కానీ పుండ్లు ఎవరి ఒంటి మీద ఉన్నాయి? ఆకాశం నుంచి అగ్ని పడింది ఎవరి మందల మీద? పిల్లలు పోయింది ఎవరికి? దుష్టుల గురించి సాధారణంగా చెబుతున్నట్టు మాట్లాడుతూ, ఎదురుగా ఉన్నవాని బొమ్మ గీస్తున్నాడు. సాధారణ సత్యం ముసుగులో వ్యక్తిగత నింద ఎలా వేయవచ్చో ఈ ప్రసంగంలో నేర్చుకోవచ్చు.

యోబు జవాబు 21:17లో వస్తుంది. అదే సూక్తిని, అవే మూడు మాటల్ని తీసుకుని ముందు ఒకే ఒక మాట చేరుస్తాడు. “కమ్మా.” ఎన్నిసార్లు? దుష్టుల దీపం ఆరడం ఎన్నిసార్లు జరిగింది? సూక్తిని ఖండించలేదు. తప్పని అనలేదు. లెక్క అడిగాడు. అంతకు ముందు వచనాల్లో తాను చూసినది వర్ణించాడు. దుష్టులు ముసలివారయ్యేదాకా బతుకుతారు, వారి పశువులు ఈనుతాయి, పిల్లలు తంబురకు గంతులు వేస్తారు (21:7–13). తండ్రి పాపాన్ని దేవుడు పిల్లల కోసం దాచి ఉంచుతాడు అంటారేమో, చేసినవాడికే ఇవ్వవచ్చు కదా అని అడుగుతాడు (21:19). ఈ జవాబులో యోబు పిల్లలను గురించి బిల్దదు అన్న మాట నొప్పి వినిపిస్తుంది.

తర్వాత వచ్చే మాట (21:29) మీద నేను విద్యార్థులను ఎక్కువసేపు ఆపుతాను. దారిన పోయేవారిని మీరు అడగలేదా? ఇంతకుముందు ఎలీఫజు రాత్రి దర్శనాన్ని ఆధారంగా చూపాడు (4:12–16). బిల్దదు పూర్వికులను అడగమన్నాడు (8:8). యోబు బాటసారులను అడగమంటున్నాడు. నాలుగు ఊళ్లు తిరిగినవారికి, దుష్టుడు ఘనంగా సమాధి కావడం తెలుసు. ఇది జ్ఞానం ఎక్కడి నుంచి వస్తుందన్న తగాదా. జ్ఞాన సాహిత్యం మొదటినుంచీ పరిశీలన మీద ఆధారపడింది. చీమను చూసి నేర్చుకోమన్నది సామెతల గ్రంథమే. యోబు ఆ పద్ధతినే పాటించి, ఆ పద్ధతి తేల్చిన సూక్తిని పరీక్షించాడు.

దీపం కథ ఇంకా ముగియలేదు. 29:3లో యోబు పాత రోజులు తలచుకుంటూ, అప్పుడు దేవుని దీపం నా తల మీద వెలిగేది అంటాడు. లెక్క అడిగి సూక్తిని నిలదీసిన మనిషే తన సంతోషాన్ని ఆ ఉపమానంలోనే గుర్తుచేసుకుంటున్నాడు. నియమం విరిగినా, ఆ నియమం ఇచ్చిన భాష తప్ప అతనికి వేరే భాష లేదు. విద్యార్థి వ్యాసం 21:17 దగ్గర ఆగితే యోబు తిరుగుబాటుదారుగా మాత్రమే కనిపిస్తాడు. 29:3 వరకు వెళ్లినవారికి, ఏమి పోగొట్టుకున్నాడో కూడా కనిపిస్తుంది.

*విశ్లేషణకు:* ఇదే పద్ధతిలో “ఓదార్పు” అనే భావాన్ని వెంబడించండి. 2:11, 16:2, 21:34, 42:11 చూడండి. ఈ నాలుగు చోట్లలో ఎవరు నిజంగా ఓదార్చారు, ఏమి చేసి ఓదార్చారు? 2:13లో స్నేహితులు ఏడు రోజులు మాటలేకుండా నేల మీద కూర్చున్న సంగతిని లెక్కలోకి తీసుకోండి.

ఐదో మెట్టు: సుడిగాలిలోంచి వచ్చిన జవాబు, జవాబు కాని జవాబు

38 నుంచి 41 వరకు దేవుడు మాట్లాడతాడు. చదివే ముందు కాగితం మీద ఒక గీత గీసి, ఒకపక్క యోబు అడిగిన ప్రశ్నలు రాయండి. నా నేరమేమిటి? దుష్టులు ఎందుకు బతుకుతారు? ఎందుకు ముఖం దాచుకుంటున్నావు? రెండోపక్క దేవుని మాటలు రాస్తూ వెళ్లండి. భూమికి పునాది, సముద్రానికి గడియ, మంచు గిడ్డంగులు, కొండమేకల ప్రసవం, అడవి గాడిద, నిప్పుకోడి, యుద్ధాశ్వం, తర్వాత బెహేమోతు, లెవియాథాను అనే భీకర మృగాలు. రెండు పక్కలను కలుపుతూ గీతలు గీయబోతే కలవవు. పరలోక సభలో జరిగిన సంగతి చెప్పడు. పాపం చేశావని చెప్పడు. స్నేహితుల మాట నిజమనీ చెప్పడు.

ఇక్కడ చాలామంది విద్యార్థులు “దేవుని మార్గాలు మానవునికి అర్థం కావు” అని రాసి కలం మూసేస్తారు. ఆ మాటను జోఫరు పదకొండో అధ్యాయంలోనే (11:7–8) అన్నాడు. జోఫరు అన్నదే దేవుడూ అన్నాడని తేలితే, జోఫరు ఎందుకు తప్పయ్యాడో మీరు చెప్పాలి. కాబట్టి ఇంకాస్త దగ్గరగా చూడండి. 38:26లో మనుషులు లేని ఎడారి మీద వాన కురుస్తుంది. పంట లేదు, తాగేవాడు లేడు, ఎవరి పుణ్యానికీ బహుమతి కాదు. స్నేహితుల లోకంలో వాన ఒక జీతం. ఈ ప్రసంగంలో వాన ఊరికే కురుస్తుంది. అపవాది అడిగిన ఆ “ఊరకయే”ను ఇక్కడ సృష్టి వైపు నుంచి వింటున్నామని నేను చదువుతాను. ఇది నా పఠనం మాత్రమే, ఆ హీబ్రూ మాట 38వ అధ్యాయంలో లేదు.

దీనికి ఎదురు పఠనం కూడా బలమైనదే. పుండ్లతో ఉన్నవానికి మొసలిలాంటి జంతువును చూపడం ఓదార్పు కాదు, బల ప్రదర్శన అనేవారున్నారు. దేవుడు బలంతో తనను మాట్లాడనివ్వడని యోబు 9వ అధ్యాయంలో ముందే ఊహించాడు. ఆ ఊహే నిజమైందా? ఈ ప్రశ్నను దాటవేసిన వ్యాసం భక్తిగా ఉండవచ్చు, విశ్లేషణ మాత్రం కాదు.

ఆరో మెట్టు: 42:6 దగ్గర అనువాదాన్ని నమ్మకుండా చదవడం

పాత తెలుగు అనువాదంలో యోబు చివరి మాట, “నన్ను నేను అసహ్యించుకొని, ధూళిలోను బూడిదెలోను పడి పశ్చాత్తాపపడుచున్నాను.” దీన్ని బట్టి యోబు ఓడిపోయి లొంగిపోయాడని రాస్తారు. మూలంలో మూడు చిక్కులున్నాయి. మొదటి క్రియకు తిరస్కరించడం అని అర్థం, కానీ దేనిని తిరస్కరిస్తున్నాడో చెప్పే కర్మ లేదు. “నన్ను నేను” అన్నది అనువాదకులు చేర్చినది. రెండో క్రియ “నిహమ్తి” పశ్చాత్తాపపడటం, మనసు మార్చుకోవడం, ఓదార్పు పొందడం అనే మూడింటికీ వాడతారు. స్నేహితులు ఓదార్చడానికి వచ్చారన్న 2:11లో ఉన్నదీ ఈ ధాతువే. ఇక ధూళి, బూడిద అన్న జంట ఆదికాండం 18:27లో అబ్రాహాము తన అల్పత్వానికి వాడినది. అది అతడు కూర్చున్న చోటు కావచ్చు, మానవుని నశ్వర స్థితీ కావచ్చు.

కాబట్టి కనీసం మూడు పఠనాలు సాధ్యం. నన్ను నేను నిందించుకుని బూడిదలో పశ్చాత్తాపపడుతున్నాను. నా అభియోగాన్ని వెనక్కి తీసుకుని, ధూళి బూడిద అయిన నా బతుకు విషయంలో ఊరట పొందుతున్నాను. ఇక చాలు, ధూళి బూడిదలైన మనుషుల కోసం జాలిపడుతున్నాను. ఏది ఎంచుకున్నా తర్వాతి వచనంతో సరిపోవాలి. 42:7లో దేవుడు, నా సేవకుడైన యోబు నన్ను గురించి సరైనది పలికాడు అంటాడు. యోబు తన మాటలన్నీ తప్పని పశ్చాత్తాపపడి ఉంటే, దేవుడు ఏ మాటలను మెచ్చుకుంటున్నట్టు?

*విశ్లేషణకు:* మీకు దొరికిన మూడు అనువాదాల్లో 42:6 రాసుకోండి. అవి తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఏవైనా కావచ్చు. ప్రతి అనువాదకుడు ఏ ఖాళీని ఎలా పూరించాడో చూపండి. తర్వాత 13:7–10 చదవండి. దేవుని పక్షాన అబద్ధమాడితే ఆయనే మిమ్మల్ని గద్దిస్తాడని యోబు స్నేహితులను అక్కడ హెచ్చరిస్తాడు. ఆ హెచ్చరికకూ 42:7కూ ఉన్న సంబంధంతో మీ పఠనాన్ని సమర్థించండి.

మన తరగతి గదుల్లో వచ్చే రెండు పొరపాట్లు

యోబు బాధకు పూర్వజన్మ కర్మ కారణమని కొందరు తెలుగు విద్యార్థులు సూచిస్తారు. పోల్చి చూడటం మంచి పనే, కానీ ముందు ఈ గ్రంథం హద్దు తెలుసుకోవాలి. 14:7–12లో, నరికిన చెట్టు నీటి వాసనకు మళ్లీ చిగురిస్తుంది, మనిషి మాత్రం పడుకుంటే లేవడు అంటాడు యోబు. ఈ లోకంలో లెక్క తేలకపోతే ఇంకెక్కడా తేలదన్నదే అతని వేదనకు పదును. ఇంకో జన్మను తెచ్చిపెడితే ఆ పదును పోతుంది.

రెండోది క్రైస్తవ పఠనం నుంచి వస్తుంది. “నా విమోచకుడు సజీవుడు” (19:25) అన్నమాటను నేరుగా పునరుత్థానానికి కట్టేస్తారు. అక్కడి హీబ్రూ మాట “గోయేల్”. అమ్ముడుపోయిన పొలాన్ని విడిపించే, హత్యకు ప్రతీకారం అడిగే దగ్గరి బంధువు అని అర్థం. బంధువులంతా విడిచిపోయారని (19:13–14) చెప్పిన కొద్దిసేపటికే ఈ మాట వస్తుంది. సంఘంలో ఆ వచనాన్ని పాడుకునే హక్కు ఎవరికైనా ఉంది. వ్యాసంలో మాత్రం ముందు బంధువుగా చదివి, తర్వాతి వ్యాఖ్యాన సంప్రదాయాన్ని విడిగా చెప్పండి.

పొడిగించాలనుకునేవారు ప్రసంగి గ్రంథంలోని 8:14, 9:11 చదవవచ్చు. అక్కడా నీతిమంతునికి దుష్టునికి రావలసినది వస్తుంది. కానీ ప్రసంగి కేకలు వేయడు, దావా వేయడు. “హెవెల్”, అంటే ఊపిరి, ఆవిరి అని పేరుపెట్టి, అన్నం తిని పని చేసుకోమంటాడు. మన అనువాదంలోని “వ్యర్థము” కంటే మూలంలోని ఆవిరి మెత్తనిది.

చివరి రచనాభ్యాసం

ఇది పెద్ద వ్యాసానికి, ఎనిమిది వందల మాటల వరకు. మొదట చెప్పిన బిల్దదు వాక్యానికి తిరిగి రండి. మొదటి స్థితి, తుది స్థితి అని అతడు వాడిన హీబ్రూ మాటలే 42:12లో మళ్లీ వస్తాయి. యెహోవా యోబు తుది స్థితిని మొదటిదానికంటె ఎక్కువగా ఆశీర్వదించాడు. అంటే బిల్దదు చెప్పినది జరిగింది. అయినా అయిదు వచనాల ముందు దేవుడు అతని మాట సరైనది కాదన్నాడు. నిజమైన మాట కూడా సరైన మాట కాకపోవడం ఎలా సాధ్యమో వాదించండి.

రాసేటప్పుడు మూడు వివరాలు దగ్గర పెట్టుకోండి. బిల్దదు వాగ్దానానికి ఒక షరతుంది, నీవు పవిత్రుడవై వేడుకుంటే అని (8:5–6). కానీ యోబు స్థితి మారింది తన కోసం వేడుకున్నప్పుడు కాదు, తనను నిందించిన స్నేహితుల కోసం ప్రార్థించినప్పుడు (42:10). తర్వాత లెక్కలు చూడండి. ఏడువేల గొర్రెలు పద్నాలుగు వేలయ్యాయి, మూడువేల ఒంటెలు ఆరువేలయ్యాయి. పిల్లలు మాత్రం రెట్టింపు కాలేదు. ముందూ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. తర్వాతా అంతే. చనిపోయినవారు ఇంకా లెక్కలో ఉన్నారు కాబట్టి ఆ సంఖ్య పెరగలేదని కొందరు చదువుతారు. ఇక కొడుకుల పేర్లు చెప్పని కథకుడు కూతుళ్ల పేర్లు చెబుతాడు. యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. అన్నదమ్ములతో పాటు వారికీ తండ్రి స్వాస్థ్యం పంచి ఇచ్చాడు. ధర్మశాస్త్రం ప్రకారం కొడుకులుండగా కూతుళ్లకు ఇవ్వవలసిన పని లేదు. పాత నియమాల మీద అంత నమ్మకంతో బతికిన యోబు, ఆ పని ఎందుకు చేశాడో కథకుడు చెప్పడు.